చివర్లో మైకు కెప్టెన్ చేతికి వచ్చినప్పుడు

సూరత్‌లో ఏ బడి కార్యక్రమమైనా ముగింపుకు వచ్చేసరికి యాంకర్ ఒక మాట అంటారు: "హవే ఆభార్ విధి." వందన సమర్పణ అన్నమాట. అది వినపడగానే వెనక కూర్చున్నవాళ్లు చెప్పులు వెతుక్కుంటారు, పిల్లలు నాస్తా పొట్లాల వైపు చూస్తారు, వేదిక మీది పెద్దలు ఫోన్లు బయటికి తీస్తారు. సరిగ్గా ఆ సమయంలో మైకు అందుకోవాల్సింది క్విజ్ క్లబ్బుకో ఆటల క్లబ్బుకో కెప్టెన్‌గా ఉన్న పదమూడు, పద్నాలుగేళ్ల పిల్ల. ఈ అధ్యాయం ఆ పిల్ల కోసం, ఆమెను తయారుచేసే సారు కోసం, టీచరు బెన్ కోసం.

సూరత్‌లోని ఉధ్నాను దృష్టిలో పెట్టుకుని రాయడానికి ఒక కారణం ఉంది. సూరత్ మహానగర పాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మాధ్యమాల్లో నడుస్తున్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాల పిల్లలు తెలుగు బడుల్లో చదువుతారు. ఉధ్నా, లింబాయత్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి టోర్నమెంటు పెడితే ఒకే మైదానంలో నాలుగు భాషల పిల్లలుంటారు. వేదిక మీద గుజరాతీ అతిథి, కింద రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన తల్లిదండ్రులు. అందరికీ ఒకే నోటితో, మూడు నిమిషాల్లో, ఎవరి మనసూ నొవ్వకుండా కృతజ్ఞత చెప్పాలి. ఇది కుదిరిన కెప్టెన్‌కి ఇంకెక్కడైనా కుదురుతుంది.

పని చేసి చూడటానికి ఒక టోర్నమెంటును ఊహించుకుందాం. రెండు రోజులు, నాలుగు బడులు: తెలుగు, మరాఠీ, ఒడియా, గుజరాతీ. పోటీలు క్విజ్, ఖోఖో, కేరమ్. ఆతిథ్యం తెలుగు బడిది. ఎనిమిదో తరగతి అమ్మాయి కెప్టెన్. ఖోఖో ఫైనల్లో తెలుగు బడి మరాఠీ బడి చేతిలో ఓడిపోయింది. క్విజ్‌లో ఒక ప్రశ్న దగ్గర గొడవైంది.

హోదా కాదు, చేసిన పని

ఇలాంటి ప్రసంగాలు చప్పగా ఉండటానికి కారణం ఒక్కటే. ముఖ్య అతిథిగారికి, ప్రధానోపాధ్యాయులవారికి, ఉపాధ్యాయ బృందానికి, దాతలకు, విద్యార్థినీ విద్యార్థులకు ధన్యవాదాలు అని చదువుతారు. ఇందులో ఉన్నవి కుర్చీలు, మనుషులు కాదు. ఆ కాగితాన్ని పక్క వీధి బడిలో, మరో ఏడాది చదివినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. పిలిచిన హోదాలో ఉన్నవాళ్లకు కూడా తమనే తలచుకున్నారనిపించదు.

దీనికి విరుగుడు తెలుసుకోవడానికి ఒక కెప్టెన్ ప్రసంగాన్ని చూడటం మంచిది. లూ గెరిగ్ న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ క్లబ్బు కెప్టెన్. ఒక్కటి కూడా వదలకుండా వరసగా 2,130 ఆటలు ఆడినవాడు. 1939లో ఆయనకు కండరాలను క్రమంగా చచ్చుబరిచే జబ్బు ఉందని తేలింది. అమెరికాలో ఇప్పటికీ చాలామంది ఆ జబ్బును ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ ఏడాది జూలై 4న యాంకీ స్టేడియంలో అరవై వేల మందికి పైగా జనం ముందు ఆయన మాట్లాడాడు. మొత్తం మూడు వందల మాటల లోపే. తన జబ్బును మొదటి వాక్యంలోనూ చివరి వాక్యంలోనూ మాత్రమే ప్రస్తావించాడు. మిగిలిందంతా దాదాపుగా ఇతరుల గురించే. ఎలాగైనా ఓడించాలని తాము పంతం పట్టే జెయింట్స్ జట్టు తనకు బహుమతి పంపిందని చెప్పాడు. మైదానం బాగుచేసే పనివాళ్ల దాకా అందరూ తనను గుర్తుపెట్టుకున్నారన్నాడు. భార్యతో మాటా మాటా వస్తే అత్తగారు సొంత కూతురిని కాదని తన పక్షం వహిస్తుందన్నాడు. తన చదువు కోసం తల్లిదండ్రులు జన్మంతా కష్టపడ్డారన్నాడు.

ఆయన అత్తగారిని ఎంతో మంచి మనిషి అని పొగిడి ఊరుకుని ఉంటే ఆ మాట ఎవరికీ గుర్తుండేది కాదు. ఆమె ఏం చేస్తుందో చెప్పాడు కాబట్టి మనిషి కళ్లముందుకు వచ్చింది. ప్రత్యర్థి జట్టుకు చోటిచ్చాడు, మైదానం పనివాళ్లకూ చోటిచ్చాడు. ఉధ్నా కెప్టెన్‌కి కావలసింది కూడా ఈ రెండే: ఒక్కొక్కరికీ చూసిన పని ఒక్కటి చెప్పడం, ఎవరూ తలచుకోని మనిషిని తలచుకోవడం.

చివరి రోజు రాత్రి రాస్తే రాదు

చూసిన పని చెప్పాలంటే ముందు చూడాలి, చూసింది రాసిపెట్టుకోవాలి. అందుకే ఈ ప్రసంగం తయారీ టోర్నమెంటు మొదటి రోజు ఉదయమే మొదలవుతుంది. కెప్టెన్ జేబులో చిన్న నోట్‌బుక్ ఉండాలి. మ్యాచ్ అయిన ప్రతిసారీ ఒక వరుస: ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు. వర్ణన అక్కర్లేదు. "గీతలు, ప్యూన్ కాకా, మూడో మ్యాచ్ తర్వాత కూడా" అని రాసుకుంటే చాలు.

ఆ గీతల సంగతే దగ్గరి నుంచి చూడండి. ఖోఖోలో తరిమే జట్టులో ఎనిమిది మంది మధ్య వరుసలో ఎదురెదురు దిక్కులకు తిరిగి కూర్చుంటారు, తొమ్మిదో ఆటగాడు తరుముతాడు. తరిమేవాడు నడిమి పట్టీని దాటి అటువైపు వెళ్లకూడదు. స్తంభం దగ్గరికి వెళ్లి చుట్టి రావాలి. కాబట్టి ఆ పట్టీ గీత కనపడకపోతే ఫౌల్ అయిందో లేదో రిఫరీ చెప్పలేడు. మట్టి మైదానంలో సున్నపు పొడితో గీసిన గీత ఒక మ్యాచ్ అయ్యేసరికి పాదాల కింద చెరిగిపోతుంది. కాకా డబ్బా పట్టుకుని వంగి, ఒక స్తంభం నుంచి రెండో స్తంభం దాకా మళ్లీ గీస్తాడు. ఆ పది నిమిషాలూ పిల్లలు నీళ్లు తాగుతుంటారు, ఎవరూ అటు చూడరు. నోట్‌బుక్ ఉన్న కెప్టెన్ చూస్తుంది.

క్విజ్ దగ్గర కూడా అంతే. నాలుగు భాషల పిల్లలకు ఒకే ప్రశ్న అడగాలంటే ఒక చిక్కుంది. మొదట చదివిన భాషవాళ్లకు ఆలోచించుకునే సమయం ఎక్కువ దొరుకుతుంది. అందుకని నాలుగో భాషలో చదవడం పూర్తయ్యేదాకా ఎవరూ బజర్ నొక్కకూడదన్న నియమం పెట్టాలి. ఆ నియమాన్ని గంటన్నర పాటు ఓపిగ్గా నిలబెట్టింది ఎవరు? ప్రశ్నలు చదివిన బెన్‌లు, పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్న పిల్లవాడు. వాళ్లూ నోట్‌బుక్‌లోకి ఎక్కాలి.

రెండు రోజులయ్యేసరికి ఇరవై, పాతిక వరుసలు పోగవుతాయి. వాటిలో ప్రసంగంలోకి వెళ్లేవి ఏడెనిమిదే. ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ మనిషి ఈ పని చేయకపోయి ఉంటే ఏం జరిగేది? "ఆట ఆగేది" అని జవాబు వస్తే ఆ వరుస ఉంచాలి. "ఏమీ కాదు, కానీ పెద్దమనిషి" అని వస్తే ఆ పేరు యాంకర్ జాబితాకు వెళ్లాలి. ఈ విభజనను ముందే ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడి ఒప్పించుకోవడం కెప్టెన్‌ని తయారుచేసే సారు పని. హోదాలూ పూర్తి పేర్లూ యాంకర్ చదువుతారు, పనులు కెప్టెన్ చెబుతుంది. ఇలా పంచుకోకపోతే చివరి నిమిషంలో ఎవరో ఒకరు పదిహేను పేర్ల చీటీ తెచ్చి పిల్ల చేతిలో పెడతారు, అంతటితో ప్రసంగం పోయినట్టే.

కాగితం మీద ఇలా

నింపాదిగా మాట్లాడితే తెలుగులో నిమిషానికి ఎనభై మాటల చుట్టూ వస్తాయి. చప్పట్లకూ ఊపిరికీ కొంత సమయం వదిలితే మూడు నిమిషాలకు రెండు వందల మాటలు మించకూడదు. మన కెప్టెన్ కాగితం ఇలా ఉండొచ్చు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాసుకుంది. అలాగే రాసుకోవాలి కూడా, ఎందుకంటే వినేవాళ్లలో సగం మంది ఆమె ఇంటి మనుషులే.

"మానవంతా మెహమానో, సౌనే నమస్కార్. అందరికీ నమస్కారం.

మొదలు మాతోని ఆడిన మూడు బడుల పిల్లలకు థాంక్స్. మరాఠీ బడి అక్కలూ, ఫైనల్ల ఆఖరి నిమిషంల మావాళ్లను ముగ్గురిని ఔట్ చేసిండ్రు. మీరు స్తంభం పట్టుకొని తిరిగే తీరు మేం రేపటి నుంచే నేర్చుకుంటం. తుమ్హీ ఛాన్ ఖేళలాత్. ఒడియా బడి కెప్టెన్, మా పిల్ల కిందపడితే నువ్వు ఉరికొచ్చి లేపినవు. అది స్కోరుబోర్డు మీదికి ఎక్కలే, మేం చూసినం. బహుత ధన్యబాద. గుజరాతీ బడి తమ్ముళ్లూ, మా కేరమ్ బోర్డు విరిగితే మీ బడి నుంచి మోసుకొచ్చిండ్రు. మీరు తేకపోతే కేరమ్ పోటీయే లేదు.

తాపీ నది ప్రశ్న దగ్గర క్విజ్ ఆగింది. క్విజ్ మాస్టర్ సార్, మీరు రెండు జట్ల మాట విని, అట్లాసు తెప్పించి, అందరి ముందట విప్పి చూపెట్టిండ్రు. తొందరపడనందుకు థాంక్స్.

ప్రతి ప్రశ్న నాలుగు భాషలల్ల చదివిన బెన్‌లకు థాంక్స్. మీ గొంతులు ఇప్పటికీ బొంగురుగనే ఉన్నయి.

మా ప్యూన్ కాకా ప్రతి మ్యాచ్ అయినంక వంగి గీతలు గీసిండు. ఆ గీత లేకపోతే ఫౌల్ ఎవరిదో తెలువకపోవు. కాకా, తమారో ఖూబ్ ఖూబ్ ఆభార్.

మా నంబర్ల గుడ్డలకు బట్ట ఇచ్చిన శేఠ్‌గారికి, వాటిని కుట్టిన మా అమ్మలకు థాంక్స్. రాత్రి సాంచాలు నడిపి, నిద్ర పోకుండ ఇక్కడికొచ్చిన బాపులూ, మీరు గ్రౌండ్ చుట్టూ నిలవడ్డరని మేం ఇంకింత ఉరికినం.

మా జట్టూ, మీతోని ఆడినందుకు నాకు సంతోషం. నాస్తా తినకుండ ఎవ్వరూ పోవద్దు."

ఇందులో కొన్ని నిర్ణయాలను విడిగా చూడాలి. అతిథికి గుజరాతీలో నమస్కారం మొదటి వాక్యంలోనే అయిపోయింది. మర్యాద దక్కింది, సమయం పోలేదు. ఆ తర్వాత వెంటనే ప్రత్యర్థులు. ఆతిథ్యం ఇచ్చిన జట్టు ఓడిపోయినప్పుడు ఈ వరస మరీ ముఖ్యం, ఎందుకంటే గెలిచినవాళ్లను ముందుగా, పేరు పెట్టి, ఆటలోని ఫలానా ఎత్తును చెప్పి మెచ్చుకుంటే మైదానంలో మిగిలిన పంతం అక్కడే చల్లబడుతుంది. ఆతిథ్య జట్టే గెలిచి ఉంటే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఓడినవాళ్లతో "మీరూ బాగా పోరాడారు" అనకూడదు. గెలిచినవాళ్ల నోట ఆ మాట ఓదార్పులాగే వినిపిస్తుంది. అప్పుడు కూడా చెప్పాల్సింది వాళ్లు ఆడిన ఒక ఎత్తే: ఏ నిమిషంలో, ఏ చోట మనల్ని ఇబ్బంది పెట్టారో చెబితే చాలు.

తాపీ ప్రశ్న సంగతి. నది ఎక్కడ పుట్టిందని అడిగారు. నిర్వాహకుల కార్డు మీద ముల్తాయి అని ఉంది. ఒక జట్టు సాత్పురా కొండలని చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లా ముల్తాయి ఆ కొండల ప్రాంతంలోనే ఉంది కాబట్టి జట్టు జవాబు తప్పనలేం, కార్డు మీదిదీ తప్పనలేం. ప్రశ్న సరిగ్గా బిగించకపోవడం వల్ల వచ్చిన గొడవ ఇది. క్విజ్‌లలో గొడవలు చాలాసార్లు ఇలాగే పుడతాయి. దీన్ని ప్రసంగంలో ఎత్తాలా వద్దా అని సార్లు సందేహిస్తారు. ఎత్తాలనే నా అభిప్రాయం. అందరూ చూసిన గొడవను కెప్టెన్ దాటేస్తే మనసులో పెట్టుకుందని అనుకుంటారు. అయితే ఎవరి జవాబు ఒప్పు, మార్కులు ఎవరికి వెళ్లాయి అన్నది ఒక్క మాట కూడా రాకూడదు. నిర్ణయం తీసుకున్న తీరుకే కృతజ్ఞత. మన కాగితంలో అట్లాసు ఉంది, తొందరపడకపోవడం ఉంది, ఫలితం లేదు.

శేఠ్‌గారినీ కుట్టిన అమ్మలనూ ఒకే వాక్యంలో పెట్టడం కూడా ఆలోచించి చేసిన పనే. దాతను వదిలేయడం కుదరదు, వదిలేయకూడదు. బట్ట లేనిదే నంబర్లు లేవు. కానీ బట్ట ఇచ్చిన చేయినీ కుట్టిన చేతులనూ పక్కపక్కన చెప్పినప్పుడు దాత గౌరవం తగ్గదు, తల్లుల పని అందరికీ తెలుస్తుంది. ఇచ్చిన సొమ్ము ఎంతో మాత్రం పిల్ల నోట రాకూడదు.

మరాఠీ, ఒడియా, గుజరాతీ వాక్యాలను ఆయా బడుల పిల్లల దగ్గరే నేర్చుకోవాలి. పుస్తకంలోనో ఫోన్‌లోనో వెతికి తెచ్చుకున్నది పలకడంలో దొరికిపోతుంది. భాషకు ఒక్క వాక్యం చాలు. రెండోది తడబడితే మొదటిదాని విలువ పోతుంది.

మైకు ముందు

కాగితం చూసి చదవాలా, చూడకుండా చెప్పాలా అన్న వాదన ప్రతి బడిలో ఉంటుంది. సచిన్ టెండూల్కర్ 2013 నవంబర్ 16న వాంఖడే మైదానంలో వీడ్కోలు చెబుతూ చేతిలో జాబితా పట్టుకునే మాట్లాడాడు. ఎవరినీ మరిచిపోకూడదనే జాబితా తెచ్చుకున్నానని ముందే చెప్పాడు. చిన్నప్పుడు కోచ్ అచ్రేకర్ సారు తనను స్కూటర్ మీద ఒక మైదానం నుంచి మరో మైదానానికి తిప్పి ఆడించిన సంగతి అందులోనే ఉంది. అంతటి ఆటగాడికి పనికొచ్చిన కాగితం ఎనిమిదో తరగతి పిల్లకు చిన్నతనం కాదు. కానీ పూర్తి వాక్యాలున్న కాగితం ఇంట్లో అభ్యాసానికి. వేదిక మీదికి తీసుకెళ్లేది పోస్టుకార్డు అంత అట్టముక్క. దాని మీద ఎనిమిది వరుసలు, పెద్ద అక్షరాలతో: మరాఠీ-స్తంభం, ఒడియా-లేపడం, గుజరాతీ-బోర్డు, అట్లాసు, బెన్‌లు, కాకా-గీత, బట్ట-అమ్మలు-బాపులు, జట్టు. చూపు ఆ వరుస మీద పడుతుంది, వాక్యం నోట్లో పుడుతుంది.

పేరు చెప్పేముందు ఆ మనిషి ఎక్కడున్నారో చూసుకోవాలి. కాకా గేటు దగ్గరుంటే గేటు వైపు తిరిగి చెప్పాలి. అప్పుడు జనం తలలు కూడా అటు తిరుగుతాయి, చప్పట్లు ఆయన దాకా వెళతాయి. చప్పట్లు సగం తగ్గేదాకా ఆగి తర్వాతి వాక్యం మొదలుపెట్టాలి. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. భయంతో చప్పట్ల మీదనే మాట్లాడేస్తారు, తర్వాతి మనిషి పేరు ఎవరికీ వినపడదు. బడి మైకు బిగ్గరగా కూస్తే మైకు తీసుకుని స్పీకరు పెట్టెకు వెనక్కి జరగాలి. చాలాసార్లు అంతటితో ఆగుతుంది. నోటికి బెత్తెడు దూరంలో, గడ్డం కిందుగా పట్టుకుంటే ఊపిరి చప్పుడు రాదు.

ప్రసంగం పనిచేస్తోందో లేదో జనాన్ని చూస్తే తెలుస్తుంది. పేరు విన్న మనిషి పక్కవాళ్లు ఆయన వైపు తిరిగి చూస్తే పని చేస్తోంది. అందరూ వేదిక వైపే చూస్తూ ఒకే తీరుగా చప్పట్లు కొడుతుంటే మళ్లీ హోదాల్లోకి జారుకున్నట్టే.

ఆలస్యమైంది, ఒక్క నిమిషంలో ముగించమని యాంకర్ చెవిలో చెప్పడం ఈ కార్యక్రమాల్లో మామూలే. రాత్రి షిఫ్టు ఎక్కాల్సినవాళ్లు ఉంటారు, అది సబబైన తొందర. అందుకే అట్టముక్క మీద మూడు వరుసల పక్కన ముందే చుక్క పెట్టుకోవాలి. మన కెప్టెన్ అయితే మరాఠీ జట్టు, క్విజ్ మాస్టర్, కాకా. ఈ మూడూ పూర్తి వాక్యాలతో చెప్పి దిగిపోవాలి. ఎనిమిదింటినీ ముక్కలు చేసి గబగబా చదివితే ఎనిమిదీ పోతాయి. మిగిలిన ఐదు వరుసలవాళ్ల దగ్గరికీ నాస్తా పంచేటప్పుడు తనే వెళ్లి, వేదిక మీద చెప్పాలనుకున్న వాక్యమే చెప్పాలి.

మరిచిపోవడం కూడా జరుగుతుంది. రెండు రోజులూ నీళ్ల డ్రమ్ములు నింపిన మాసీ గుర్తుకు వచ్చేసరికి మైకు కట్టేసి ఉంటుంది. మళ్లీ మైకు పెట్టించి చెప్పకూడదు, అప్పుడు మరుపే పెద్దదై కనిపిస్తుంది. మరునాడు ఉదయం ప్రార్థనలో ప్రధానోపాధ్యాయుడిని అడిగి ఒక్క నిమిషం తీసుకోవాలి. బడి మొత్తం వరుసల్లో నిలబడి ఉంటుంది, మాసీ అక్కడే ఉంటుంది. ఎన్ని డ్రమ్ములు, ఎన్నిసార్లు, ఏ ఎండలో నింపిందో చెప్పాలి. నిన్న చెప్పడం మరిచానని ఒక్క మాట అనాలి. అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు.